పంజరంలో పిల్లి లేదు కదా!

మొన్నామధ్య మా అమ్మాయి పెంచుకున్న తెల్లెలుక చనిపోయింది. వయసు రెండేళ్ళ నాలుగు నెలలు. వేళకు తిండి, నీళ్ళు, మెత్తని గడ్డి, దేనికీ లోటు లేదు. చివరి నెలల్లో వీపు వంగి, బొచ్చు రాలి, పొట్టకింద ఒక గడ్డ లేచింది. మా అమ్మమ్మగారి ఊళ్ళో నూతిలో వేసిన తాబేలు మాత్రం తాతగారు పోయిన తరువాత కూడా చాలా కాలం ఆ నీళ్ళలోనే తిరిగింది. ఆ సంగతి పిల్లకు లోగడ నేనే చెప్పి ఉన్నాను. "మరి దీనికి రెండేళ్ళేనా?" అని అడిగింది.

ఆయువు ఊపిరుల లెక్క అని చిన్నప్పుడు పెద్దలు చెప్పగా విన్న మాట గుర్తుకు వచ్చి, దానినే గుండె లెక్కగా మార్చి చెప్పాను. ఎలుక గుండె నిమిషానికి సుమారు 600 సార్లు కొట్టుకుంటుంది, ఏనుగు గుండె 30 సార్లు. మూడేళ్ళ ఎలుకకూ అరవై ఏళ్ళ ఏనుగుకూ మొత్తం కట్టి చూడండి, రెండూ దాదాపు 95 కోట్లే! ఇంత అందమైన లెక్క అబద్ధమెలా అవుతుందని మురిసిపోయాను.

అబద్ధమే. అదే లెక్క డెబ్బై ఏళ్ళ మనిషికి వేస్తే 250 కోట్లు దాటుతుంది. సైబీరియాలో బ్రాంట్ గబ్బిలమని ఒకటుంది. బరువు ఏడు గ్రాములు, అంటే ఎలుకలో సగం కూడా లేదు. గుర్తు వేసి వదిలిన ఒక గబ్బిలం 41 ఏళ్ళ తరువాత మళ్ళీ దొరికింది. చలికాలమంతా నిద్రపోతుంది కనుక అని సరిపెట్టుకుందామంటే, శీతనిద్ర ఎరుగని ఉష్ణదేశపు గబ్బిలాలు కూడా తమ పరిమాణానికి మించి బ్రతుకుతాయి. కాబట్టి పిల్లకు చెప్పినది వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

అసలు సమాధానానికి దారి చూపినవాడు పీటర్ మెడవార్, 1952లో. ఆయన ఆలోచనను మా పెరటి ఎలుకల మీదుగా చెబుతాను. పిల్లులు, పాములు, గుడ్లగూబలు కలిసి మూడు నెలలకొకసారి ఎలుకలను సగానికి తగ్గిస్తాయని అనుకుందాం. వెయ్యి పుడితే ఏడాదికి మిగిలేవి అరవై చిల్లర, రెండేళ్ళకు నాలుగు. ఇప్పుడు మూడో ఏట పుండు పెట్టే లోపమేదో వంశంలో ఉన్నదనుకోండి. ఆ వయసు చూసేవే లేనప్పుడు దానిని ఏరివేసేదెవరు? అది తరతరాలకూ నిక్షేపంగా సంక్రమిస్తుంది. పైగా, రేపో మాపో పాము నోట పడబోయే ఒంటికి మరమ్మతులు చేసుకుంటూ కూర్చోవడం కంటే ఆ తిండిని పిల్లలను కనడానికి ఖర్చు చేసిన ఎలుకకే సంతానం ఎక్కువ. తాబేలుకు డిప్ప ఉంది, తిమింగలానికి కాయముంది, గబ్బిలానికి రెక్కలున్నాయి. పెద్దయ్యాక వాటిని చంపేవి తక్కువ. ముదిమిలోనూ సంతానం కలుగుతుంది కనుక ఒంటిని బాగుచేసుకున్నందుకు వాటికి ప్రతిఫలం ఉంది.

ఇది వట్టి తర్కమేనేమో అని నాకూ అనిపించింది. దీనిని అడవిలో పరీక్షించినవాడు స్టీవెన్ ఆస్టడ్. అమెరికాలో ఒపోసమ్ అనే జంతువు ఉంది, పిల్లి అంత ఉంటుంది, కంగారూలాగా పిల్లలను సంచిలో మోస్తుంది. అంత ఒళ్ళుండీ రెండేళ్ళకే ముసలిదైపోతుంది. జార్జియా తీరాన ఉన్న సపెలో దీవిలోనూ ఇవి ఉన్నాయి. ఆ దీవి ప్రధాన భూమి నుంచి విడివడి నాలుగైదు వేల ఏళ్ళయింది, అక్కడ వీటిని వేటాడే పెద్ద జంతువులు లేవు. ఆస్టడ్ రెండుచోట్లా ఆడవాటి మెడలకు రేడియో పట్టీలు కట్టి వెంబడించాడు. తోకలోని స్నాయుబంధనాల పోగులు వయసుతో ఎలా బిగుసుకుపోతున్నాయో కూడా కొలిచాడు. 1993లో ప్రకటించిన ఫలితం ఇది: దీవిలోనివి ఒక్కొక్క కాన్పుకు తక్కువ పిల్లలను కంటున్నాయి, తోక పోగులు నిదానంగా ముదురుతున్నాయి, సగటు ఆయువు సుమారు నాలుగో వంతు ఎక్కువ. వేటగాళ్ళు లేరు కనుక ఎక్కువ మిగిలాయని మాత్రమే అనుకుంటే పోగుల సంగతి పొసగదు. అక్కడ ముసలితనమే ఆలస్యంగా వస్తోంది.

తిమింగలాల మాటకొస్తే, 2007లో అలాస్కా దగ్గర వేటాడిన బోహెడ్ తిమింగలం ఒంట్లో ఒక పాత ఈటె ముక్క దొరికింది. పంతొమ్మిదవ శతాబ్దం చివర్లో తయారైన రకమది. ఆ పోటు తిని కూడా అది వందేళ్ళకు పైగా ఈదింది. అంత కాయంలో ఎలుక కంటే ఎన్ని రెట్లు కణాలుంటాయో, ఏ ఒక్కటి దారి తప్పినా పుండే. దీర్ఘకాలం బ్రతికేవాటి కణాలకు జన్యువుల్లో పడిన చిక్కులను సరిచేసుకునే శక్తి ఎక్కువ.

ఇదంతా విని మా అమ్మాయి, "మన పంజరంలో పిల్లి లేదు కదా నాన్నా!" అన్నది.

నిజమే. కానీ ఒంటి మరమ్మతుకు ఎంత ఖర్చు పెట్టాలన్నది దాని తాతముత్తాతలు పిల్లుల మధ్య బ్రతికిన రోజుల్లోనే నిర్ణయమైపోయింది. మనం తలుపు వేసినంతమాత్రాన ఆ లెక్క మారదు. అడవిలో ఆ గడ్డ లేచేంత కాలం అది బ్రతికి ఉండేదే కాదు. ఈ చివరి మాట పిల్లతో అనలేకపోయాను.