బాకీ ఖైరియత్

నా బచ్‌పన్ దోస్త్ ఒకడు పలాసలో ఉంటాడు. విజయనగరంలో ఉర్దూ మీడియం బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నాం. నేను తర్వాత తెలుగు డిగ్రీ చదివి పేపర్ వైపు వచ్చాను, వాడు జీడిపిక్కల బేపారంలోకి వెళ్ళాడు. పేరు రాయను. వాణ్ణి అడిగే ఇది రాస్తున్నాను, పేరు మాత్రం వద్దన్నాడు.

మా ఉస్తాద్ సాబ్ ఖత్ రాయడం నేర్పినప్పుడు మొదట సలాం, తర్వాత సంగతి, చివర్లో "బాకీ ఖైరియత్" అని రాయించేవారు. అంటే ఇక మిగతాదంతా క్షేమమే అని. వాట్సాప్ వచ్చాక కూడా వాడు ఆ అలవాటు మానలేదు. స్కూటర్ మీద పోతూ మూడేసి నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టేవాడు. పిక్కల ధర, బేగం వంట, నా తెలుగు డిగ్రీ మీద మజాక్, అన్నీ అయ్యాక "బాకీ ఖైరియత్, మియా". ఈ రెండు లఫ్జులు వినకపోతే మెసేజ్ పూర్తి కానట్టే ఉండేది నాకు.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో జీడిమామిడి, కొబ్బరి చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. వాడికి సొంత తోట లేదు. పంట మీద రైతులకు ముందే పేష్‌గీ ఇచ్చి, పిక్కలు కొని, పలాస ఫ్యాక్టరీలకు వేస్తాడు. చెట్టే లేనప్పుడు పేష్‌గీ ఎవరిని అడుగుతాడు? ఆ రైతు ముఖం చూసి అడిగే మనిషి కూడా కాదు వాడు. కొత్త మొక్క పెడితే కాపు మొదలవడానికే మూడు నాలుగేళ్ళు, మంచి కాపుకి ఇంకా ఎక్కువ. వాడు ఆ పేష్‌గీ డబ్బు తెచ్చింది మాత్రం నెల నెలా బ్యాజ్ కట్టే అప్పుగా.

తుఫాను తర్వాత మొదటి నెలంతా వాడు తెగ రాశాడు. పడిపోయిన చెట్ల ఫోటోలు, సర్కారు మీద గుస్సా, కరెంటు రాలేదని తిట్లు. నేను అప్పుడు చాలా ఫికర్ పడ్డాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఫికర్ పడాల్సింది అప్పుడు కాదు. కోపం వచ్చిన మనిషి ఇంకా మాట్లాడుతున్నాడు, మనం వింటామనే భరోసా వాడికి ఇంకా ఉంది. భయపడాల్సింది జనవరిలో వచ్చిన ఖామోషీకి.

జనవరిలో వాయిస్ మెసేజులు ఆగిపోయాయి. నేను నాలుగు లైన్లు రాస్తే "ఠీక్" అని వచ్చేది. ఒక్కోసారి "ఊఁ". ఒక రాత్రి మూడు గంటలకు మా బడి గ్రూప్ ఫోటో పంపాడు, ఒక్క మాట కూడా లేకుండా. పొద్దున చూస్తే డిలీట్ చేసేశాడు. నేను విలేకరిని, పక్కవాళ్ళ ఖబర్ పట్టుకోవడమే నా పని. అయినా మూడు వారాల దాకా నాకు తట్టలేదు. ఒక రోజు ఊరికే పాత మెసేజులు పైకి జరుపుతూ వెళ్ళాను. నవంబర్ చివరి నుంచి ఎక్కడా "బాకీ ఖైరియత్" లేదు.

"ఠీక్" అనే మాటలో తప్పేం లేదు. మా మామూ జిందగీ అంతా "ఠీక్" అనే అన్నారు, ఆయన తీరే అది. మూడు నిమిషాలు మాట్లాడే మనిషి "ఠీక్" దగ్గర ఆగిపోతే అది వేరే సంగతి. కాబట్టి మెసేజ్‌ని ఏదో లిస్టు పెట్టుకుని కాదు, అదే మనిషి పాత మెసేజుల పక్కన పెట్టి చూడాలి. ఎంత పొడుగు రాసేవాడు, ఏ టైముకి రాసేవాడు, మజాక్ ఉండేదా, రేపటి గురించి ఏదైనా అనేవాడా. ఒక రోజు తేడా వస్తే ఫోన్ పాడైందనో, సఫర్‌లో ఉన్నాడనో అనుకోవచ్చు. రెండు మూడు తేడాలు కలిసి రెండు వారాలు నిలిచాయంటే మాత్రం పలకరించాల్సిందే.

నేను మొదట పలకరించిన తీరు గలత్. "సబర్ కర్ భాయ్, అల్లా పే భరోసా రఖ్, నమాజ్ మత్ ఛోడ్" అని రాశాను. వాడు "ఇన్షా అల్లా" అన్నాడు. బాత్ ఖతమ్. నేను రాసిన మాటల్లో అబద్ధం లేదు. కానీ ఆ మాటలకు "ఇన్షా అల్లా" తప్ప ఇంకో జవాబ్ ఉందా? సబర్ చేయలేకపోతున్నాను అని ఏ ముసల్మాన్ రాయగలడు? నేను దిలాసా ఇచ్చాననుకున్నాను, నిజానికి వాడు చెప్పుకునే దర్వాజా మూసేశాను.

రెండోసారి కూర్చుని రాసినవి పంపకుండానే తుడిచేశాను. "ఏటయిందిరా? ఎందుకిలా ఉన్నావు? ఫోన్ ఎత్తవేం?" అని ఒకటి. చదివితే నాకే పోలీస్ స్టేషన్‌లా అనిపించింది. మూడు ప్రశ్నలకు జవాబ్ చెప్పే తాకత్ ఉంటే వాడు "ఊఁ" దగ్గర ఎందుకు ఆగుతాడు? ఇంకోటి, "ఉద్దానం మొత్తం పోయింది, నువ్వొక్కడివేనా?" అది తసల్లీ కాదు, నీ దర్ద్‌కి హక్కు లేదని చెప్పడం. మా బడి గ్రూప్‌లో అడుగుదామనీ అనిపించింది. నలభై మంది ముందు వాడి ఇజ్జత్ తీయడం తప్ప ఒరిగేదేం లేదని ఆగాను.

చివరికి పంపింది ఇది: "మియా, ఈ మధ్య నీ మెసేజుల్లో బాకీ ఖైరియత్ కనబడటం లేదు. గుర్తొచ్చావు. జవాబ్ రాయకపోయినా పర్వాలేదు. జుమా తర్వాత నేను ఖాళీయే, మాట్లాడాలనిపిస్తే చెయ్యి."

ఇందులో నేను చూసిన ఒక్క సంగతే చెప్పాను, అందుకు కారణం నేను ఊహించలేదు. "నువ్వు ఉదాస్‌గా ఉన్నావు" అని రాసి ఉంటే వాడు "లేదు" అనేవాడు. జవాబ్ ఇవ్వాలన్న బోఝ్ తీసేశాను. ఎప్పుడైనా అనకుండా ఒక టైము చెప్పాను.

రెండు నీలి టిక్కులు పడ్డాయి. జవాబ్ లేదు. జుమా రోజు ఫోన్ కూడా రాలేదు. "చూశావు కదా, ఒక్క మాట అనొచ్చు కదా" అని రాయాలనిపించింది. అలా రాస్తే "జవాబ్ ఇవ్వక్కర్లేదు" అన్నది ఝూట్ అయిపోతుంది. గంటస్తంభం దగ్గర చాయ్ తాగుతూ ఆ గ్లాసు ఫోటో తీసి, "నీ వంతుది కూడా నేనే తాగేశా" అని పంపాను. అంతే. మరో మూడు రోజులకు అలాంటిదే ఇంకోటి.

ఇలా చిన్నగా, ఏమీ అడక్కుండా, మళ్ళీ మళ్ళీ రాయడం మీద పెద్ద పరిశోధనే ఉందని నాకు తర్వాత తెలిసింది. అమెరికాలోని సాన్ ఫ్రాన్సిస్కోలో జెరోమ్ మోటో అనే మానసిక వైద్యుడు, డిప్రెషన్‌తోనో చనిపోవాలన్న ఆలోచనతోనో ఆసుపత్రిలో చేరి, బయటికొచ్చాక ఇలాజ్ వద్దన్న 843 మందిని తీసుకున్నాడు. అందులో ఒక వర్గానికి చిన్న చిన్న ఖత్‌లు రాయించాడు. మొదట నెలకొకటి, తర్వాత రెండు నెలలకొకటి, ఆపైన మూడు నెలలకొకటి, అయిదేళ్ళలో మొత్తం 24. మీరు గుర్తొచ్చారు, బాగున్నారని ఆశిస్తున్నాం, రాయాలనిపిస్తే రాయండి, ఇంతే అందులో సారాంశం. 2001లో అచ్చయిన ఫలితాల ప్రకారం మొదటి రెండేళ్ళలో ఖత్‌లు అందుకున్నవాళ్ళలో ఖుద్‌కుషీలు తక్కువ. తర్వాత వేరే చోట్ల చేసిన ప్రయత్నాలన్నిటిలోనూ అదే ఫలితం రాలేదు. కాబట్టి ఇది దవా కాదు. తలుపు దగ్గర పెట్టిన చిరాగ్ లాంటిది.

ఆ సంగతి నాకు ఫిబ్రవరిలో అర్థమైంది. ఒక రాత్రి వాడి నుంచి వచ్చింది: "నేను లేకపోతే ఇంట్లో అందరికీ తక్లీఫ్ తగ్గుద్ది రా." పక్కన నవ్వే బొమ్మ. అంతకుముందు రోజే ఎవరెవరికి ఎంత బాకీ ఉందో లెక్కంతా కాగితం మీద రాసి పెట్టానని అన్నాడు. నవ్వే బొమ్మ నన్ను దాదాపు మోసం చేసింది. కానీ తాను ఇంటికి బోఝ్ అనడం, లెక్కలన్నీ సర్దిపెట్టడం, రెండూ ఒకేసారి రావడం మజాక్ కాదు. ఇక్కడిదాకా మెత్తగా, దూరంగా ఉండటం అదబ్. ఇక్కడి నుంచి దూరంగా ఉండటం గుణా.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తాక సీదాగా అడిగాను: "చచ్చిపోవాలనిపిస్తోందా నీకు?" నా గొంతు వణికింది. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని మనకు భయం. అలా పుట్టదని ఈ విషయం చదివిన డాక్టర్లు చెప్తారు. అడిగితే ఆ మనిషి మోస్తున్నది కిందికి దించడానికి జాగా దొరుకుతుంది. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "రాత్రుళ్ళు అనిపిస్తది రా. హరామ్ అని తెలుసు. అందుకే ఎవరికీ చెప్పలేదు" అన్నాడు.

ఆ మాట మన ఘరానాలన్నీ వినాలి. ఖుద్‌కుషీ హరామ్ అన్నది వాడికి నాకంటే బాగా తెలుసు. నేను అదే ముందు అందుకుని ఉంటే వాడు ఇంకో "ఇన్షా అల్లా" అని ఫోన్ పెట్టేసేవాడు. "చెప్పావు, మంచి పని చేశావు" అన్నాను. ఇంట్లో ఎవరు మెలకువగా ఉన్నారని అడిగాను. "ఇది నా ఒక్కడి దగ్గర దాచుకోను, ఎవరికి చెప్పమంటావో నువ్వే చెప్పు" అన్నాను. అన్న వద్దన్నాడు, బహనోయి పేరు చెప్పాడు. ఆయన ఆ రాత్రే వచ్చి వాడి గదిలో పడుకున్నాడు. నేను పొద్దున్నే రైలెక్కాను. ఆ వారంలోనే శ్రీకాకుళంలో మానసిక వైద్యుడికి చూపించాం. దవా పని చేయడానికి వారాలు పట్టింది. అప్పు మాత్రం బహనోయి కూర్చుని మాట్లాడితే కొంత సర్దుబాటయింది, కొంత ఇప్పటికీ ఉంది.

అప్పట్లో మాకు తెలియక రాత్రంతా ఇద్దరమే కిందామీదా పడ్డాం. 2022 అక్టోబర్ నుంచి టెలీ మానస్ ఉంది. 14416కి పగలైనా రాత్రయినా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. కష్టంలో ఉన్నవాళ్ళే చేయాలని లేదు, దోస్త్ గురించి ఏం చేయాలో తెలియనివాళ్ళూ అడగొచ్చు. ప్రాణం మీదికి వచ్చిన క్షణంలో మాత్రం మెసేజులు కట్టిపెట్టి, పక్కన మనిషి ఉండేలా చూసి, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

వాడు ఇప్పుడు మళ్ళీ వాయిస్ మెసేజులు పెడుతున్నాడు. అంత పొడుగువి కావు. కొన్ని రోజులు చివర్లో "బాకీ ఖైరియత్" ఉంటుంది, కొన్ని రోజులు ఉండదు. లేని రోజు నేనేం అడగను. సాయంత్రం చాయ్ గ్లాసు ఫోటో ఒకటి పంపుతాను.