పేర్లున్నాయి, ఏళ్లు లేవు

మా పుత్తూరు చుట్టుపక్కల పల్లెలకు పిచ్చుకుంట్లవాళ్లు రావడం ఎప్పుడు ఆగిపోయిందో ఎవరూ గమనించలేదు. కోతలయ్యాక, గింజలు ఇంటికి చేరాక వచ్చేవాళ్లు. అరుగు మీద కూర్చుని మా ఇంటిపేరూ గోత్రమూ చెప్పి, ఫలానావాడి కొడుకు ఫలానావాడు అంటూ మగవాళ్ల పేర్లు పైనుంచి కిందికి వరసగా పాడేవాళ్లు. చేటతో పోసిన వడ్లు జోలెలో పోసుకుని ఇంకో ఇంటికి నడిచేవాళ్లు. ఇప్పుడు సర్కారు కాగితాల్లో వాళ్ల కులం పేరు వంశరాజ్. పేరు బాగానే కుదిరింది, పాడి వినిపించేవాళ్లు మాత్రం పల్లెల్లో కనిపించరు.

మా ఇంటి వరస నాయన ఒకసారి నోటుబుక్కులో రాసుకున్నాడు. ఆయన పేరుతో కలిపి ఏడు పేర్లు. ఒక్క పేరు పక్కన కూడా ఏడాది లేదు. పాడేవాళ్లకు ఏళ్లతో పని లేదు. ఎవరికెవరు పుట్టారన్నదే వాళ్ల లెక్క. ఆ ఏళ్లను తిరిగి రాబట్టడం మాత్రం నేను తలకెత్తుకున్న పని.

తరానికి ఎన్నేళ్లు? ఊళ్లో ఎవర్నడిగినా పాతికేళ్లంటారు, నూరేళ్లకు నాలుగు తరాలని. ఆడవాళ్ల వైపు లెక్కేస్తే ఇది దగ్గరగానే వస్తుంది. మగవాళ్ల వరసలో మాత్రం పైకి పోయేకొద్దీ తప్పు పేరుకుంటుంది. తరం పొడవంటే తొలిచూలు బిడ్డ పుట్టిన వయసు కాదు. మొదటివాడి నుంచి చివరివాడి దాకా పిల్లలందరూ పుట్టినప్పుడు తండ్రికి ఉన్న వయసుల సగటు. పద్దెనిమిదేళ్లకు మొదటి బిడ్డను ఎత్తుకున్నవాడే నలభై మూడేళ్లకు కడగొట్టువాడిని కూడా ఎత్తుకున్న కాలమది. పైగా మొగుడికీ పెళ్లానికీ ఎనిమిదేళ్లో పదేళ్లో తేడా. పెళ్లాం పురిట్లో పోతే రెండో పెళ్లి. 2023లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయం వాళ్లు జన్యువుల్లో చేరే కొత్త మార్పుల ఆధారంగా, గడిచిన రెండున్నర లక్షల ఏళ్లకు ఒక అంచనా కట్టారు. తండ్రులకు సగటున 30.7 ఏళ్లు, తల్లులకు 23.2, రెండూ కలిపితే 26.9. పిచ్చుకుంట్లాయన పాడింది మగవాళ్ల వరస గనుక నేను ముప్పై ఒకటి పట్టుకున్నాను.

లెక్క మొదలుపెట్టడానికి ఒక గట్టి కొస కావాలి. నాయన స్కూలు సర్టిఫికెట్టును నేను నమ్మను. ఆ రోజుల్లో పిల్లవాణ్ణి బడిలో చేర్చే నాటికి అయిదేళ్లు నిండేటట్టు అయ్యవారే ఒక తేదీ వేసేవాడు. అందుకే ఆ తరంవాళ్లలో అంతమంది జూన్, జూలైల్లో పుట్టారు. కానీ నాయన జాతకంలో ధాత నామ సంవత్సరం అని ఉంది. అంటే 1936 ఉగాది నుంచి 1937 ఉగాది లోపల. అదే మా కొస.

ఇంట్లో మిగిలిన ఇంకో ఆధారం ఒక తాటాకు జాతకం. అది మా ముత్తాతను కన్న తండ్రిది, నాయన నుంచి పైకి మూడు మెట్లు. ఆకు సగం పురుగు తినేసింది. శార్వరి అన్న సంవత్సరం పేరు మాత్రం మిగిలింది. మా ప్రాంతంలో కొందరు ఉగాదికి, కొందరు తమిళుల లెక్కన ఏప్రిల్ నడుమ కొత్త ఏడాది మొదలుపెడతారు. పేర్లు మాత్రం ఇద్దరికీ అవే. అరవై ఏళ్లకొకసారి అదే పేరు తిరిగి వస్తుంది గనుక శార్వరి అంటే 1780 కావచ్చు, 1840 కావచ్చు, 1900 కావచ్చు. ఏ శార్వరి అన్నది ఆకు చెప్పదు, తరాల లెక్క చెబుతుంది.

1936 నుంచి ముప్పై ఒకటి చొప్పున మూడు తరాలు వెనక్కి పోతే 1843. పక్కనే 1840 ఉంది. మిగతా రెండూ నిలబడతాయేమో కూడా చూశాను. 1900 అయితే మూడు తరాలు ముప్పై ఆరేళ్లలో ఇమడాలి, తరానికి పన్నెండు. అది కుదరదు. 1780 అయితే తరానికి యాభై రెండు. ఒక తండ్రికి యాభై రెండో ఏట కొడుకు పుట్టొచ్చు గానీ వరసగా ముగ్గురికీ అట్లా జరగడం నమ్మలేని మాట. కాబట్టి 1840. ఇక్కడ ముప్పై ఒకటి బదులు ఇరవై ఎనిమిదో ముప్పై నాలుగో వేసినా జవాబు మారదు. ఒక్కో తరం సగటుకు ఎనిమిది, పదేళ్లు అటూ ఇటూ ఊగుతుందనుకున్నా, ఒకచోట పెరిగింది ఇంకోచోట తగ్గుతుంది గనుక మూడు తరాలకు మొత్తం తేడా మామూలుగా పదిహేను, పదిహేడేళ్ల లోపే ఉంటుంది. రెండు శార్వరుల నడుమ అరవై ఏళ్లుంది కాబట్టి ముప్పై ఏళ్ల లోపు తప్పును ఈ పద్ధతి తట్టుకుంటుంది. ఆరేడు తరాలు పైకి పోతే మాత్రం ఆ ఊగిసలాటే ఇరవై అయిదు దాకా వస్తుంది, సగటులోని తప్పు కూడా కలిస్తే ముప్పై దాటొచ్చు, అప్పుడు సంవత్సరం పేరు దొరికినా ఏ చుట్టుదో తేల్చుకోలేం.

ఈ లెక్క మా దాయాదుల ఇంట్లో ఒక తగువు కూడా తీర్చింది. వాళ్లు రాసుకున్న వంశవృక్షంలో శార్వరి ఆయనకూ మా నాయన తరానికీ నడుమ ఒక్క పేరే ఉంది. పిచ్చుకుంట్లాయన రెండు పేర్లు పాడాడు. 1840 నుంచి 1936 దాకా తొంభై ఆరేళ్లు. నడుమ ఒక్కడే ఉంటే తరానికి నలభై ఎనిమిది, ఇద్దరుంటే ముప్పై రెండు. తగ్గిన మనిషి ఎట్లా పోయాడో పోల్చుకోవడం కష్టం కాదు. మా వైపు పెద్ద కొడుక్కు తాత పేరు పెడతారు. ఒకటి విడిచి ఒక తరంలో అదే పేరు వస్తుంటే, రాసేవాళ్లు తాతామనవళ్లను తండ్రీకొడుకులను చేసి, నడుమ ఉన్నవాణ్ణి మింగేస్తారు. రెండు తెలిసిన ఏళ్ల నడుమ తరానికి నలభై దాటిందంటే మొదట అనుమానించవలసింది ఇదే. పాటగాడు చదువుకున్నవాడు కాదు, వరస మాత్రం పోగొట్టలేదు.

కొసలు రెండూ దొరికాయి గానీ నడుమ ఉన్న ఇద్దరూ ఎప్పుడు పుట్టారు? సగటు ఇక్కడే మోసం చేస్తుంది. ముత్తాత ధాత కరువులో చంకబిడ్డ అని మా ఇంట్లో అందరూ చెప్పే మాట. అది 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిని ఊడ్చేసిన పెద్ద కరువు, మా ఊరు అప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. అందుకని ముత్తాత 1875 ప్రాంతంలో పుట్టాడనుకోవచ్చు, వాళ్ల నాయనకు అప్పటికి ముప్పై అయిదు. అక్కణ్ణుంచి నాయన దాకా అరవై ఒక్క ఏళ్లు, రెండు తరాలు. సగానికి కోస్తే తాత 1905లో పుట్టాలి.

అయితే జేజి మాట దానికి అడ్డం వచ్చింది. ‘చిత్తూరు జిల్లా అయిన యేడు నేను ఈ ఇంటికి కాపురానికొచ్చినా’ అనేది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్‌లో. శారదా చట్టం రావడానికి ఇంకా పద్దెనిమిదేళ్లుంది. పెళ్లి అంతకు ముందే అయిపోయి, పెద్దమనిషి అయ్యాక కాపురానికి పంపే రోజులు. పన్నెండు, పదమూడేళ్లు అనుకుంటే జేజి 1898, 99 నాటిది. మొగుడు ఆమె కంటే ఆరేళ్లు చిన్నవాడు కాలేడు. కాబట్టి తాత ఇంకా ముందువాడు, ముత్తాతకు పద్దెనిమిదైనా నిండాలి గనుక 1893 దగ్గరివాడు. ముత్తాతకు పద్దెనిమిదో ఏట పుట్టిన పెద్ద కొడుకు తాత, తాతకు నలభై మూడో ఏట పుట్టిన కడగొట్టువాడు నాయన. పద్దెనిమిదీ నలభై మూడూ కలిపితే అరవై ఒకటే. సగటు చెదరలేదు, నడిమి మనిషి మాత్రం పన్నెండేళ్లు వెనక్కి జరిగాడు.

ఇట్లాంటి చోట తల్లి వయసే కాపలా. మగవాడికి యాభైలో కొడుకు పుట్టొచ్చు, ఆడమనిషికి పదిహేనుకు ముందూ నలభై అయిదుకు తరువాతా బిడ్డ పుట్టడం అరుదు. నాయన పుట్టినప్పుడు జేజికి ముప్పై ఏడు. ఆఖరి కాన్పుకు సరిపోయే వయసే. వంశవృక్షంలో ఆడవాళ్ల పేర్లు లేకపోవడం వల్ల పోయింది పేర్లొక్కటే కాదు, లెక్క సరిచూసుకునే ఆసరా కూడా.

సీమలో పుట్టినవాళ్లకు ఇంకో సరిచూపు ఉంది. మా అమ్మ మా నాయనకు అక్క కూతురు. అందుకని జేజి నాకు నాయన వైపు రెండు మెట్ల మీద ఉంది, అమ్మ వైపు మూడు మెట్ల మీద ఉంది. ‘నీకు నేను జేజినా, ముత్తవ్వనా?’ అని నవ్వేది. నేను పుట్టింది 1963. నాయన దారిలో ముప్పై ఏడూ ఇరవై ఏడూ కలిపితే అరవై నాలుగు. అమ్మ దారిలో జేజికి పద్దెనిమిదో ఏట పెద్దత్త, పెద్దత్తకు ఇరవై నాలుగో ఏట అమ్మ, అమ్మకు ఇరవై రెండో ఏట నేను. అదీ అరవై నాలుగే. ఒక దారిలో తరానికి ముప్పై రెండు, ఇంకో దారిలో ఇరవై ఒకటి. రెండు దారులకూ పాతికే వేసి ఉంటే ఒకే మనిషి ఒకసారి 1913లో, ఇంకోసారి 1888లో పుట్టి ఉండేది. మేనరికం ఉన్న ఇళ్లలో రెండు దారులూ ఒకే ఏడాదికి చేరాలి. చేరకపోతే ఎక్కడో ఒక మెట్టు తప్పినట్టు.

ఊళ్లో తరాలు లెక్కపెట్టే ఇంకో అలవాటు విరిగిన ఎముకలకు కట్టు కట్టే చోట వింటాను. రాచపాళెంలో ఆ వైద్యం 1881లో మొదలైందని చెబుతారు. అప్పటి నుంచి ముప్పై చొప్పున ఎన్ని తరాలో వేళ్లమీద లెక్కేసేవాళ్లు ఒకటి మరిచిపోతారు. 1881 పని మొదలైన ఏడు, మొదటి మనిషి పుట్టిన ఏడు కాదు. పని చేతికొచ్చే వయసు ఒకటి తీసేసి చూస్తే తప్ప పుట్టుక దగ్గరికి పోలేం. ఇంటి పత్రాల్లోనూ ఇదే చిక్కు. దస్తావేజులో సంతకం పెట్టినవాడు పెద్దవాడన్నది ఒక్కటే తెలుస్తుంది.

శార్వరి ఆయనకు పైన ఇంకా మూడు పేర్లున్నాయి. ఆయన తండ్రిని నేను 1809 అని రాయలేదు. 1795 నుంచి 1820 దాకా అని పెన్సిలుతో రాశాను. కొడుకు పుట్టేనాటికి ఇరవైకి తక్కువా నలభై అయిదుకు ఎక్కువా ఉండడు కదా. ఆ పైవాళ్లకు అంత వెడల్పు గీత కూడా చాలదు. పెన్సిలు గీతను చిన్నది చేసే కాగితం ఒకటుంది. మద్రాసు సర్కారు 1858లో వేసిన ఇనాం కమిషన్ రిజిస్టర్లలో, ఇనాం అనుభవిస్తున్నవాడి పేరు పక్కనే వయసు రాసే గడి కూడా ఉండేది. మా వాళ్లకు చెరువు కింద కొంత మాన్యం ఉండేదని నాయన చెప్పేవాడు. ఆ గడిలో 1862లో యాభై అని కనబడితే 1812 అవుతుంది. అదీ అయిదేళ్లు అటూ ఇటూ పట్టుకోవలసిందే, అడిగినవాడికి నలభై, యాభై అని ఉజ్జాయింపు లెక్కే చెప్పేవాళ్లు, రాసేవాడూ అదే రాసుకునేవాడు.