మా వాడ వంటిల్లు: గ్లాసు పప్పుకి ఎన్ని గ్లాసుల బియ్యం?

మొన్న ఆదివారం శ్రీసిటీ దగ్గర ఒక గదికి వెళ్ళాను. నలుగురు ఆడపిల్లలు ఆ గదిలో అద్దెకుంటారు. అందులో ఒకమ్మాయి నా దగ్గర డిగ్రీ చదివింది. ఇప్పుడు సెల్‌ఫోన్ల కంపెనీలో లైను మీద నిలబడి పనిచేస్తోంది. సెజ్ చుట్టూ తడ, సత్యవేడు, వరదయ్యపాళెం వైపు ఊళ్ళలో ఇలాంటి గదులు చాలా ఉన్నాయి. రేకుల కప్పు, ఒక సిలిండరు, ఒక మిక్సీ, ఫ్రిజ్ లేదు.

నేను వెళ్ళేసరికి ఆ అమ్మాయి గిన్నె పట్టుకుని దిగులుగా కూర్చుని ఉంది. "ఈసారి కూడా పిండి పొంగలేదు మేడం. నా చేతిలోనే ఏందో ఉన్నట్టుంది" అంది.

ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది. ఎందుకో తర్వాత చెప్తాను. ముందు పిండి సంగతి చూద్దాం.

"ఎన్ని గ్లాసులకి ఎన్ని వేశావమ్మా?" అని అడిగాను. గ్లాసు పప్పుకి ఆరు గ్లాసుల బియ్యమట. ఇంట్లో అమ్మ అట్లే వేసేదట. బియ్యం ఊరి నుంచి తెచ్చుకున్న రేషన్ బియ్యం. పక్కనున్న ఒంగోలు అమ్మాయి, "మా ఇంట్లో ఒకటికి రెండే అక్కా" అని మొదలుపెట్టింది. ఇంకో అమ్మాయిది పుత్తూరు. వాళ్ళింట్లో గ్రైండర్ ఉంది, ఒకటికి నాలుగు. ఒక్క గదిలో మూడు లెక్కలు, ఎవరిది వాళ్ళకి సరైనదే.

నిజానికి ముగ్గురూ వేరు వేరు వస్తువుల గురించి మాట్లాడుతున్నారు. ఒంగోలు వైపు ఇడ్లీకి రవ్వ వాడతారు. రవ్వని రుబ్బరు. నానబెట్టి, నీళ్ళు పిండి, రుబ్బిన పప్పులో కలుపుతారు. ఆ పలుకుని పట్టి ఉంచాలంటే పప్పు ఎక్కువ కావాలి, అందుకే ఒకటికి రెండు. పుత్తూరు వాళ్ళది అరవ పద్ధతి, ఉప్పుడు బియ్యం నానబెట్టి పప్పుతో పాటు గ్రైండర్లో రుబ్బుతారు. గ్రైండర్లో రాయి నెమ్మదిగా తిరుగుతుంది, పప్పు వేడెక్కకుండా నురగలాగా ఉబ్బుతుంది. కాబట్టి కొంచెం పప్పే నాలుగింతల బియ్యాన్ని మోస్తుంది.

ఈ గదిలో ఉన్నది మిక్సీ. బియ్యం పచ్చి బియ్యం. మిక్సీ బ్లేడు పప్పుని వేడి చేస్తుంది, అంతగా ఉబ్బనివ్వదు. పచ్చి బియ్యం ఇడ్లీ చల్లారితే గట్టిపడుతుంది. ఇక్కడ ఒకటికి మూడు కంటే ముందుకు పోకూడదు. ఆరంటే పొంగదు.

ఎందుకు పొంగదో చూడండి. పప్పు మీదా బియ్యం మీదా ఉండే సూక్ష్మజీవులు పిండిని పులియబెట్టి గాలి పుట్టిస్తాయి. ఆ గాలిని బయటికి పోనీకుండా పట్టుకునేది మినప్పప్పు జిగురే. బియ్యానికి ఆ గుణం లేదు. పప్పు తగ్గితే పిండి పులుస్తుంది కానీ లేవదు. పుల్లటి వాసన వచ్చినా గిన్నెలో మట్టం పెరగలేదంటే లోటు పప్పులో ఉన్నట్టు. వాసన కూడా రాకపోతే వేడి చాల్లేదన్నమాట. ఆ అమ్మాయి గిన్నె వాసన చూశాను. బాగా పులిసింది.

ఆ సాయంత్రం మళ్ళీ మొదలుపెట్టాం. గ్లాసు మినపగుళ్ళు, మూడు గ్లాసుల రేషన్ బియ్యం, చెంచాడు మెంతులు. బియ్యం కడిగేటప్పుడు కొన్ని గింజలు తేలాయి. ప్లాస్టిక్ బియ్యమని వాళ్ళు ఏరి పారేస్తున్నారు. అవి ఐరన్ కలిపి చేసిన గింజలు, పారేయొద్దని చెప్పాను. బియ్యం ఐదు గంటలు నానింది. పప్పుకి గంటన్నర చాలు. పప్పుని కుండలోని చల్లటి నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ, మధ్యమధ్యలో మిక్సీ ఆపుతూ రుబ్బాం. ఒక బొట్టు తీసి నీళ్ళలో వేస్తే మునిగింది. ఇంకాసేపు రుబ్బాక తేలింది, అప్పుడు ఆపాం. బియ్యం రుబ్బేటప్పుడు గుప్పెడు అన్నం వేశాం, మెత్తదనం కోసం. రెండూ చేత్తో బాగా కలిపాం. పెద్ద గిన్నెలో సగానికే పోశాం.

ఇప్పుడు లెక్క. వాళ్ళ గ్లాసుకి సుమారు రెండు వందల గ్రాములు పడుతుంది. నాలుగు గ్లాసులంటే ఎనిమిది వందల గ్రాములు. రుబ్బితే దాదాపు రెండు కిలోల పిండి. ఇడ్లీకి నలభై ఐదు గ్రాములు వేసుకుంటే, నలుగురికి తలా నాలుగు, ఏడు వందల గ్రాములు దాటుతుంది. సాయంత్రం తలా మూడు దోసెలు, ఇంకో తొమ్మిది వందలు, పైన కొంచెం. మిగిలిన పులిసిన పిండిలో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ వేసి మర్నాడు పొద్దున్నే గుంత పొంగణాలు. ఫ్రిజ్ లేని గదిలో అంతకంటే నిలవ ఉంచకూడదు. కాబట్టి ఒకసారి రుబ్బేది ఇంతే. వారానికి రెండుసార్లు. రాత్రి షిఫ్టు వారం పొద్దున రుబ్బితే రేకుల వేడికి మధ్యాహ్నానికే పొంగి పొర్లుతుంది. అప్పుడు గిన్నెని నీళ్ళ పళ్ళెంలో పెట్టాలి.

నెలకి లెక్కేస్తే బియ్యం ఐదు కిలోల చిల్లర. అంటే కార్డులో ఒక మనిషికి వచ్చే బియ్యం. పప్పు కిలో ముప్పావు దాకా. మన కథంతా ఈ రెండు అంకెల మధ్యే ఉంది. బియ్యం ఉచితం. మినప్పప్పు అంగట్లో కొనాలి. కిలో నూట ఇరవై అనుకుందాం. ఒకటికి ఆరు వేస్తే నెలకి ముప్పావు కిలో పప్పు మిగులుతుంది, తొంభై రూపాయలు. నలుగురికి పంచితే తలా ఇరవై రెండు. పిండి పారబోసిన ప్రతిసారీ అందులో కొంత పోయినట్టే. ఆ అమ్మాయి ఈ లెక్క చూసి నవ్వింది. వాళ్ళమ్మకి మాత్రం ఆ తొంభై ఒకేసారి చేతిలో ఉండేది కాదు.

మా అమ్మకీ ఉండేది కాదు. మాది సంగటి తినే ఇల్లు. ఇడ్లీ అంటే సంక్రాంతికి, లేదా చుట్టాలొస్తే. అమ్మ ఒకటికి ఆరు, ఒక్కోసారి ఏడు వేసేది. ఒకసారి బడికి డబ్బాలో తీసుకెళ్తే పక్కనున్న పిల్ల ఇడ్లీని బెంచీ మీద కొట్టి చూపించింది. "మీ వాళ్ళ చేతికి పిండి పొంగదంట, మా అవ్వ చెప్పింది" అంది. ఆ అవ్వ ఇంట్లో మా అమ్మ కళ్ళం పని చేసేది. వాళ్ళ మినుములు కొట్టేది, చెరిగేది, గోతాలకెత్తేది. అదే పప్పు నానిన తర్వాత మాత్రం అమ్మ చెయ్యి దానికి తగలకూడదు. రుబ్బురోలు లోపలి వసారాలో ఉండేది, అమ్మ వాకిట్లో. పొడి గింజకి లేని మైల తడి పిండికి ఉంది.

చాలా ఏళ్ళు నేను ఆ మాట నమ్మాను. తెలుగులో పిహెచ్‌డీ చేశాక కూడా ఇంట్లో పిండి పొంగకపోతే ముందు నా చెయ్యి చూసుకునేదాన్ని. "చేతివాసి" అని మనం ముద్దుగా చెప్పుకునే మాట వెనక, ఎవరింట్లో ఎంత పప్పు ఉందన్న సంగతి దాక్కుని ఉంటుందని తెలియడానికి నాకు ముప్ఫై ఏళ్ళు పట్టింది.

సోమవారం పొద్దున ఐదింటికి ఆ అమ్మాయి ఫొటో పంపింది. గిన్నె అంచు దాకా పిండి. కంపెనీ బస్సుకి ఇంకా ముప్పావు గంట ఉంది. కింద ఒక్క ముక్క రాసింది: "చెయ్యి అదే మేడం."

జై భీమ్.