డాక్టరు గారి పేరు గూగుల్లో ఎందుకు లేదు?

"బాబూ, మా క్లినిక్ పేరు కొడితే మన సైటు వస్తోంది. డాక్టరు గారి పేరు కొడితే మాత్రం రావట్లేదు. తెలుగులో కొట్టినా, ఇంగ్లీషులో కొట్టినా అంతే. సైటు తెరిస్తే పేరు అంత పెద్ద అక్షరాల్లో ఉంది కదా, మరి గూగుల్‌కి ఎందుకు కనపడదు? డబ్బులేమైనా కట్టాలా?"

ఒక చిన్న ఊళ్ళో క్లినిక్ నడిపే పెద్దావిడ నాకు రాసిన ఉత్తరంలో అసలు ముక్క ఇది. డాక్టరు గారు ఆవిడ భర్త. సైటు ఎవరో ఎప్పుడో చేసిపెట్టారు, దాని బాగోగులు ఈమధ్యే నా చేతికొచ్చాయి. క్లినిక్ వేరే వీధికి మారిందట. చుట్టుపక్కల పల్లెల వాళ్ళకి క్లినిక్ పేరు తెలీదు, డాక్టరు గారి పేరే తెలుసు. బీపీ మాత్రలు అయిపోయినవాళ్ళు పాత గుమ్మం దాకా వచ్చి, తాళం చూసి వెనక్కెళ్ళిపోతున్నారని రాశారు.

డబ్బు సంగతి మొదట తేల్చేశాను. మామూలు ఫలితాల్లో రావడానికి గూగుల్‌కి కట్టాల్సిందేమీ లేదు, కట్టేది ప్రకటనలకే. ఇక అసలు ప్రశ్న. పేజీ సోర్సు తెరిస్తే ఇలా ఉంది:

```html
<title>Home</title>
<img src="banner_final2.jpg">
```

(ఆ ఫైలు పేరు చూడగానే మీకు సగం కథ అర్థమైపోయుండాలి.) వీధిలో కట్టిన ఫ్లెక్సీనే బొమ్మగా మార్చి పేజీ నెత్తిన పెట్టేశారు. పేరు, డిగ్రీలు, వేళలు.. ఇంగ్లీషు పేరు కూడా ఆ బొమ్మలోనే ఉంది. బొమ్మలోని అక్షరాల మీద ఆధారపడొద్దనీ, ముఖ్యమైన సంగతులు పాఠంగానే రాయమనీ గూగులే చెప్తుంది. క్లినిక్ పేరు మాత్రం డొమైన్లోనూ, అడుగున కాపీరైటు వరుసలోనూ ఇంగ్లీషులో ఉంది. అందుకే అది దొరుకుతోంది.

ఇక్కడితో అయిపోతే ఈ టపా రాసేవాణ్ణి కాదు. బొమ్మ కింద "మా డాక్టరు గారి గురించి" అని ఒక పేరా ఉంది. అది బొమ్మ కాదు, మౌస్‌తో పట్టుకుంటే అక్షరాలు చక్కగా సెలెక్టవుతున్నాయి. అయినా Ctrl+F కొట్టి పేరు తెలుగులో వెతికితే బ్రౌజరుకే దొరకలేదు! కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్టు చేశాను. తెలుగు మాయమైపోయి ఇంగ్లీషు అక్షరాలు, కొమ్ముల గుర్తులు కలగాపులగంగా వచ్చిపడ్డాయి.

పాతకాపులకి గుర్తుండే ఉంటుంది. పేజ్‌మేకర్లో తెలుగు కొట్టే డీటీపీ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల గళ్ళలో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టుకుంటాయి. కంటికి తెలుగు, కంప్యూటరుకి ఇంగ్లీషు చెత్త. అలాంటి పేపరు సైట్లు చదవడానికే ఒకప్పుడు ఫైర్‌ఫాక్స్‌లో పద్మ వేసుకునేవాళ్ళం. ఈ సైటు చేసినాయన కరపత్రంలోని మేటరు తెచ్చి అతికించి, ఆ ఫాంటుని @font-face తో తగిలించాడు. చూసేవాళ్ళకి తేడా ఏం తెలుస్తుంది? గూగుల్ చదివేది ఫాంటుని కాదు, కింద ఉన్న కోడ్లని. "రావు" అని మీరు ఫోనులో కొడితే వెళ్ళేవి U+0C30, U+0C3E, U+0C35, U+0C41. ఆ పేజీలో ఈ నాలుగింటిలో ఒక్కటీ లేదు.

ఆ పేరా మొత్తం యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేశాను. మార్చిపెట్టే కన్వర్టర్లు ఉన్నాయి గానీ ఒత్తుల దగ్గర తప్పుతుంటాయి, పేరులో ఒత్తు తప్పితే మళ్ళీ మొదటికే. ఇంకో చిక్కు: పాత ఫాంటు తగిలింపు తీసెయ్యకపోతే తెలుగు బాగానే కనపడుతుంది గానీ, పక్కనున్న MBBS కాస్తా తెలుగు ముక్కలైపోతుంది. ఫాంటూ తీసేశాను, టైటిల్లో Home బదులు డాక్టరు గారి పేరు, క్లినిక్, ఊరు పెట్టాను.

ఇంగ్లీషు స్పెల్లింగు ఆవిడనే అడిగాను. ఉదాహరణకి మూర్తి అనుకోండి, Murthy, Murty, Moorthy మూడూ వాడుకలో ఉన్నాయి. గూగుల్ కొంత సర్దుకుంటుంది గానీ ప్రతిసారీ కాదు. మందుల చీటీ మీద ఉన్నదే సైటులోనూ పెట్టమన్నారు.

తర్వాత సర్చ్ కన్సోల్లో ఆ పేజీని తనిఖీకి పెట్టి, మళ్ళీ చదవమని అడిగాను. దానికి రోజులు పట్టొచ్చు, వారాలూ పట్టొచ్చు. ఆవిడకి ఇలా జవాబు రాశాను:

"అమ్మగారూ, ఇన్నాళ్ళూ సైటులో ఉన్నది డాక్టరు గారి పేరు బొమ్మ, పేరు కాదు. ఇప్పుడు పేరు పెట్టాను. వెతికితే దొరికే వీలు వచ్చింది గానీ మొదటి వరుసలోనే వస్తుందని మాటివ్వలేను, ఆ పేరుతో వేరే డాక్టర్లూ ఉంటారు. మ్యాపులో చూపించే అడ్రసు సైటుతో మారదు, దాన్ని విడిగా మార్చాలి. పాత వీధి అడ్రసే ఇంకా అక్కడ ఉంది. ఆ ఖాతా ఎవరి ఫోను నంబరు మీద ఉందో కాస్త కనుక్కుని చెప్పండి."