62 టిన్నులు

2024 దసరా ముందటి వారం. అయ్యప్ప సొసైటీలోని నా గోడౌన్లో ఎడమ గోడ వైపు కొన్ని చెక్కపలకలు ఖాళీగా కనిపించాయి. అక్కడెప్పుడూ సన్‌ఫ్లవర్ ఆయిల్ టిన్నులు నడుమెత్తు పేర్చి ఉంటాయి. కుర్రాడు ఎత్తిపెట్టడం మర్చిపోయాడేమో అనుకుని కేకేశాను. "వచ్చినవి ఇంతేనన్నా" అన్నాడు. బిల్లు చూస్తే నిజమే, 338 టిన్నులు. మూడు వారాల కింద అదే గోడకు 400 ఉండేవి. ఈ మూడు వారాల్లో నా దుకాణం చరిత్రలోనే ఎన్నడూ రానంత లాభం వచ్చిందని నా లాప్‌టాప్ చెబుతోంది. లాభం అంత వస్తే సరుకు ఎందుకు తగ్గింది?

చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఈ వ్యాపారంలోకి రాకముందు మైండ్‌స్పేస్‌లో ఒక కంపెనీలో సరుకు నిల్వల సాఫ్ట్‌వేర్ మీద ఆరేళ్లు పనిచేశాను. ముందు కొన్నది ముందు అమ్మినట్టు లెక్కగట్టే ఫిఫో పద్ధతికి కోడ్ రాసినవాడిని. దాని నిర్వచనం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. అది నా జేబుకు ఏం చేస్తుందో మాత్రం నాకు తట్టలేదు.

నా వ్యాపారం చిన్నది. బేగంబజార్, ఉస్మాన్‌గంజ్ వైపు నుంచి నూనె, పప్పులు తెచ్చి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి హాస్టళ్ల వంటగదులకు వేస్తాను. 15 లీటర్ల టిన్ను 1,700కు కొని 1,780కి అమ్మేవాణ్ని. ఆ 80లోనే ట్రాలీ ఆటో, అద్దె, కుర్రాడి జీతం కలిసి టిన్నుకు 50 పోతే నాకు మిగిలేది 30. (అర్థం కావడానికి ధరలన్నీ గుండ్రం చేసి చెబుతున్నాను.)

సెప్టెంబర్ 14న కేంద్రం ముడి వంటనూనెల మీద దిగుమతి సుంకం పెంచింది. అన్నీ కలిపి 5.5 శాతం ఉన్నది ఒక్కసారిగా 27.5 శాతమైంది. మనం వాడే సన్‌ఫ్లవర్ నూనెలో ఎక్కువ భాగం రష్యా, ఉక్రెయిన్, అర్జెంటీనాల నుంచే వస్తుంది కాబట్టి దెబ్బ నేరుగా టిన్ను మీదే పడింది. నిమజ్జనం నాటికి బజార్లో నాకు చెప్పిన ధర 2,100. ఆ రోజు నా గోడౌన్లో 1,700కు కొన్న టిన్నులు 400 ఉన్నాయి. లాటరీ తగిలిందనుకున్నాను.

హాస్టళ్లకు ఫోన్లు చేశాను. "బజార్లో 2,180 దాకా పోయింది, మీకు మాత్రం 2,000కే ఇస్తా" అన్నాను. గౌలిదొడ్డిలో హాస్టల్ నడిపే ఒక అక్క "నీ పుణ్యం తమ్ముడూ" అంది. ఆ మాటకు పొంగిపోయి ఆమెతో పాటు ఇంకో ఇద్దరికి డిసెంబర్ దాకా ఇదే ధర అని మాటిచ్చేశాను. టిన్నుకు 300 మిగులుతుంటే మాటివ్వడానికి భయమేముంది?

400 టిన్నులు అమ్ముడుపోయాక లెక్క ఇలా వచ్చింది. వచ్చిన డబ్బు 8,00,000. కొన్న ఖరీదు 6,80,000. తేడా 1,20,000. ఖర్చులు 20,000 తీసేస్తే లక్ష లాభం. మామూలుగా అయితే ఇన్ని టిన్నుల మీద 12,000 దాటదు. అందులోంచి 70,000 ఇంట్లోకి తీసుకున్నాను, పండగ బట్టలకు కొంత, స్కూటర్‌కు ముందు కట్టాల్సింది కొంత. చేతిలో 7,10,000 మిగిలింది. దాంతో 2,100 చొప్పున సరుకు తెస్తే 338 టిన్నులొచ్చాయి.

మా ఆడిటర్ దగ్గరకెళ్లి, లెక్కలో తప్పెక్కడుందో చూడమన్నాను. ఆయన తప్పేం లేదన్నారు. "మీరు 70,000 తీసుకోలేదనుకోండి, అప్పుడు ఎన్ని టిన్నులొచ్చేవి?" అని అడిగారు. ఖర్చులు పోను 7,80,000. అంటే 371. ఒక్క రూపాయి ముట్టుకోకపోయినా 400 రావు. అక్కడ నాకు వెన్ను చల్లబడింది.

ఆయన ఒక కాగితం తీసి 1,20,000ను రెండు ముక్కలు చేశారు. టిన్ను ధర 1,700 నుంచి 2,100కు పోయింది కాబట్టి, నేనేం చేసినా చేయకపోయినా, నా దగ్గరున్న 400 టిన్నుల మీద 1,60,000 పెరిగింది. అది సరుకు నా దగ్గర పడి ఉన్నందుకు వచ్చింది. ఇక అమ్మినందుకు వచ్చింది ఎంత? మళ్లీ కొనాలంటే 2,100 పెట్టాల్సిన వస్తువును 2,000కు ఇచ్చాను, అంటే టిన్నుకు 100 చొప్పున 40,000 పోగొట్టుకున్నాను. 1,60,000లోంచి 40,000 పోతే 1,20,000. ఫిఫో ఈ రెండింటినీ కలిపి లాభం అనే ఒకే పేరు పెట్టి చూపించింది. దుకాణం మూసేసి ఊరెళ్లిపోయేవాడికైతే అది నిజంగా లాభమే. అవే పలకల మీద అవే టిన్నులు మళ్లీ పేర్చాల్సినవాడికి అదంతా సరుకు డబ్బే.

సగటు ధర పద్ధతికి మారితే సరిపోతుందా అని అడిగాను. కొత్త సరుకు రాకముందే పాతదంతా అమ్మేశాను కాబట్టి నా విషయంలో సగటు కూడా 1,700 అనే చెబుతుందన్నారు. పాతా కొత్తా కలిసిన చోట అది కొంచెం ముందుగా మేల్కొంటుంది, అంతే. చివర కొన్నది ముందు అమ్మినట్టు రాసే లిఫో పద్ధతి అమెరికాలో చెల్లుతుంది గానీ మన అకౌంటింగ్ ప్రమాణం ఒప్పుకోదు. అయినా తప్పు పుస్తకానిది కాదు. నూనె మీద గడువు తేదీ ఉంటుంది, పాత టిన్ను ముందు పోవాల్సిందే. జరిగిపోయింది చెప్పే పుస్తకాన్ని నేను రేపటి ధర అడిగాను.

ఒక మాట ఇక్కడ చెప్పాలి. సెప్టెంబర్ 17న కేంద్ర ఆహార శాఖ నూనె సంఘాలను పిలిచి, తక్కువ సుంకంతో వచ్చిన నిల్వలు అయిపోయేదాకా ఎమ్మార్పీ పెంచొద్దని చెప్పింది. కేంద్రం చెప్పిన నిల్వ దాదాపు 30 లక్షల టన్నులు, 45 నుంచి 50 రోజులకు సరిపడా. కొనేవాడి వైపు నుంచి చూస్తే అది న్యాయమే, నేనూ ఇంట్లో నూనె కొనేవాణ్నే. కానీ తయారీదారుకూ నాకూ మధ్య ఉన్న టోకు ధర ఆ సమావేశం కోసం ఆగలేదు. నా టిన్నుల మీద ముద్రించిన ధర నేను అమ్మే ధరకు చాలా పైన ఉంది కాబట్టి 2,180కి అమ్మినా చట్టం అడ్డొచ్చేది కాదు. అంత పెంచితే రెండు హాస్టళ్లు పోయేవేమో. పోతే తెలిసి పోయేవి. నేను తెలియక, దాతలా ఫోన్లు చేసి మరీ పోగొట్టుకున్నాను.

మాటిచ్చిన ముగ్గురికీ డిసెంబర్ దాకా 2,000కే వేశాను. అప్పటినుంచి ఎవరికి ధర చెప్పినా వారం రోజులకే. రిజిస్టర్లో కొన్న ధర పక్కన ఇంకో గడి గీశాను, ఆ పొద్దున బజార్లో అడిగిన ధర రాయడానికి. అమ్మే ధర ఆ గడిలోంచే కడతాను. ఇంటికి డబ్బు తీసేముందు టిన్నులు లెక్కపెడతాను.

2025 మే 30న ముడినూనె సుంకం 16.5 శాతానికి దిగింది. నా దగ్గర 2,150కి కొన్నవి 200 ఉన్నాయి, కొత్త ధర 2,080. గడి చూసి 2,160కి అమ్మాను. ఫిఫో ప్రకారం టిన్నుకు 10 రూపాయలే వచ్చింది, అన్నిటి మీదా 2,000, ఖర్చులకు కూడా చాలదు. ఆడిటర్ ఫోన్ చేసి "ఏమైందండీ, ఈ నెల బాగా పడిపోయింది?" అన్నారు. వచ్చిన 4,32,000తో మళ్లీ 200 టిన్నులు తెచ్చాక చేతిలో 16,000 ఉంది. నష్టం తగల్లేదని కాదు, దిగిన ధర నా సరుకు విలువను టిన్నుకు 70 చొప్పున తినేసింది. "పలకలు నిండుగానే ఉన్నాయి సార్" అన్నాను.