ఖాయం అనే మాట

మన మధురై చిన్న ఆస్పత్రి వాళ్ళ వెబ్‌సైట్‌లో డాక్టర్ల పేజీలను తెలుగులోనూ తమిళంలోనూ తిరగరాసే పని మన సంఘానికి ఎందుకు వచ్చిందని చాలామంది అడుగుతున్నారు. చదువంతా తమిళంలో సాగినవాళ్ళం, తెలుగు రాత ఇంట్లో నేర్చుకున్నవాళ్ళం. తప్పులుంటే మన్నించండి.

పోయిన ఆడి మాసంలో మన సభ్యులొకాయనకు, బట్టల కొట్టు పెద్దాయనకు, రాత్రి 11 దాటాక ఎదలో మంట మొదలైంది. వయసు 67, షుగరు ఉంది. కొడుకు చెన్నైలో, ఇల్లాలు నిద్రలో ఉన్నారు. గ్యాస్ అనుకుని ఫోను తీశారు. ఆస్పత్రి పేజీలో పైనే "24 గంటల ఆన్‌లైన్ డాక్టర్ సేవ" అని ఉంది. కింద డాక్టరుగారి ఫోటో, పక్కన "గుండె జబ్బుల ప్రముఖ నిపుణులు" అని ఉంది. బుకింగ్ నొక్కి, బాధ రాయమన్న చోట "ఎదలో మంట, ఎడమ చెయ్యి లాగుతోంది, చెమట" అని రాశారు, డబ్బు కట్టారు. వెంటనే మెసేజ్ వచ్చింది: "మీ వివరాలు డాక్టరుకు చేరాయి. మీ అపాయింట్‌మెంట్ ఖాయం." సమయం మర్నాడు ఉదయం 10.15.

డాక్టరు చూసే ఉంటారు, ప్రమాదమైతే పిలిచేవారు కదా అని పెద్దాయన తెల్లవారుజాము నాలుగు దాకా కూర్చుని ఓర్చుకున్నారు. ఇల్లాలు లేచి చూసి 108కి ఫోను చేశాక పెద్దాసుపత్రిలో స్టెంట్ వేశారు. ప్రాణం దక్కింది. ఆలస్యం వల్ల గుండె కండరం కొంత పోయిందని చెప్పారు. ఇప్పుడు గుడి దాకా నడవాలన్నా రెండుసార్లు కూర్చోవాలి.

ఆస్పత్రి వాళ్ళను అడిగితే దాచలేదు. 24 గంటలూ తెరిచి ఉండేది బుకింగ్ మాత్రమే. పెద్దాయన రాసిన మూడు మాటలు పొద్దున తొమ్మిదిన్నరకు రిసెప్షన్ అమ్మాయి కంప్యూటర్ తెరిచేదాకా ఏ మనిషీ చదవలేదు. "డాక్టరుకు చేరాయి" అన్నది యంత్రం తనంతట పంపిన మాట.

రిజర్వేషన్ కౌంటర్లో ఏళ్ళ తరబడి కూర్చున్న మాకు ఈ మాట గుచ్చుకుంది. వెయిటింగ్ లిస్టులో ఉన్న టికెట్టుకు ఖాయం అని మేము ఎన్నడూ అచ్చు కొట్టి ఇవ్వలేదు. అచ్చు కొట్టి ఉంటే ప్లాట్‌ఫారం మీద తన్నేవారు.

అందుకే బుకింగ్ నుంచి మొదలుపెట్టాం. ఇప్పుడు పేరు అడగడానికి ముందే ఒక తెర వస్తుంది: "ఎదలో నొప్పి లేదా మంట, ఊపిరాడకపోవడం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యి కాలు పడిపోవడం, ఆగని రక్తం: వీటిలో ఏదైనా ఉంటే బుక్ చెయ్యకండి. 108కి ఫోను చెయ్యండి, లేదా దగ్గరి ఆస్పత్రికి ఇప్పుడే వెళ్ళండి." అది దాటాకే మిగతావి. ఇది మా సొంత తెలివి కాదు. 2020 మార్చి 25న వచ్చిన కేంద్ర టెలిమెడిసిన్ మార్గదర్శకాలు కూడా, నేరుగా చూపించుకునే వీలున్నప్పుడు అత్యవసర వైద్యాన్ని ఫోను మీద నడపొద్దనే అంటాయి.

ఆ తరువాత పేరు, వయసు, ఊరు అడుగుతుంది. రోగి మీరేనా, ఇంకొకరా అన్నది మరో ప్రశ్న. మనలో చాలామంది పిల్లలు చెన్నై నుంచో బెంగుళూరు నుంచో అమ్మ కోసం బుక్ చేస్తారు. కొడుకు తన పేరు, తన వయసు రాస్తే డాక్టరు 70 ఏళ్ళ మనిషికి 40 ఏళ్ళ లెక్కన ఆలోచిస్తారు. మైనరు పిల్లలైతే పెద్దవాళ్ళు పక్కన ఉంటేనే వీడియోలో చూడాలన్నది కూడా ఆ మార్గదర్శకాల్లోనిదే. చివర వచ్చే మెసేజ్ ఇప్పుడు ఇలా ఉంటుంది: "మీ సమయం నమోదైంది. మీరు రాసింది డాక్టరు ఇంకా చదవలేదు. మాట్లాడే సమయానికే చదువుతారు. ఈలోపు బాధ పెరిగితే ఎదురుచూడకండి." ఇంత పొడుగు మెసేజ్ ఎవరు చదువుతారని ఆస్పత్రి కుర్రాడు నసిగాడు. మేము పట్టు విడవలేదు.

వీడియోలో ఏం కుదరదో కూడా రాయించాం. ఎన్.డి.పి.ఎస్. చట్టం పట్టికలో ఉన్న మందులు సాధారణంగా టెలి వైద్యంలో రాయకూడదు. నిద్రమాత్రల్లో కొన్ని అందులోకి వస్తాయి. ఈ సంగతి ముందే తెలియక, ఫీజు కట్టి, మాత్ర రాయలేదని పోట్లాడినవాళ్ళు మన సంఘంలోనే ఉన్నారు.

డాక్టర్ల పేజీల దగ్గర ఇంకా కష్టమైంది. ఆ "గుండె జబ్బుల నిపుణులు" నిజానికి జనరల్ మెడిసిన్‌లో ఎం.డి. మంచి డాక్టరు, మా ఇంట్లో వాళ్ళనే చూస్తారు. అయితే ఆ విభాగంలో ప్రత్యేక అర్హత లేకుండా నిపుణుడినని చెప్పుకోకూడదని 2002 నాటి వైద్యుల ప్రవర్తన నియమావళి చెబుతుంది. ఆయనకే ఆ వాక్యం తెలియదట, వెబ్‌సైట్ కట్టినవాళ్ళు పెట్టారట. ఇప్పుడు డిగ్రీ, మెడికల్ కౌన్సిల్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, వచ్చే రోజులు, మాట్లాడే భాషలు ఉన్నాయి. "20 ఏళ్ళ అనుభవం" అన్నది తీసేసి, ఏ సంవత్సరం నుంచి వైద్యం చేస్తున్నారో రాశాం. అంకె పాతబడిపోతుంది, సంవత్సరం పాతబడదు.

మా మధ్య రెండు సాయంత్రాలు తిన్న మాట "నయం". పాత పేజీలో "మా మందుతో షుగరు నయమవుతుంది" అని ఉంది. తమిళంలో గుణమాగుం. రెండు భాషల్లోనూ ఈ మాటకు రెండు ముఖాలు. "ఈ పూట కాస్త నయం" అంటే బాధ తగ్గిందని. "రోగం నయమైంది" అంటే పోయిందని. రాసినవాడు మొదటిది అనుకుని రాశాడేమో. ఇన్సులిన్ సూదితో విసిగినవాడు రెండోదే చదువుతాడు, సూది మానేస్తాడు. అదీకాక, ఫలానా మందుతో నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల పట్టిక ఒకటి 1954 నాటి మాజిక్ రెమెడీస్ చట్టంలో ఉంది. షుగరు అందులో ఉంది, గుండె జబ్బూ ఉంది. "అదుపులో ఉంచుతాం" అని మారుద్దామని మాలో ఒకాయన అన్నారు. అదీ మాట ఇచ్చినట్టే అవుతుంది, ఇక్కడ అదుపు రోగి తిండి మీద కూడా ఆధారపడిందని ఇంకొకాయన అన్నారు. చివరికి తేల్చిన వాక్యం: "షుగరు ఉన్నవారిని పరీక్షించి, మందులు, ఆహారం గురించి సలహా ఇస్తారు. ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ డాక్టరును అడగకుండా ఆపకండి." చప్పగా ఉందన్నారు ఆస్పత్రి వాళ్ళు. ఔను, చప్పగానే ఉంది.

రోగులు పొగిడిన వీడియోలు తీసేయమన్నాం, తీసేశారు. "ప్రముఖ" అన్న మాట మాత్రం ఒక డాక్టరుగారి పేరు ముందు ఇంకా ఉంది. వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్ళి అడుగుతాం.

బట్టల కొట్టు పెద్దాయన నిన్న మా ఎదుటే కొత్త పేజీలో బుక్ చేశారు. మొదటి తెర దగ్గర ఆగి, కళ్ళద్దాలు సర్దుకుని, ఒక్కో మాటా పైకి చదివారు. తరువాత "మంట అని కూడా పెట్టారే" అన్నారు.