తలూపితే అర్థమైనట్టు కాదు

పోస్టు కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి. మనలో చాలామంది ఇప్పటిదాకా ఇంటర్వ్యూకి వెళ్ళే వైపే ఉన్నాం. ఇప్పుడిప్పుడే కొంతమందిమి బల్లకి అవతలి వైపు, అంటే ప్రశ్నలు అడిగే వైపు కూర్చుంటున్నాం. అక్కడ కూర్చుని నేను చేసిన ఒక తప్పు, తర్వాత దాన్ని దిద్దుకున్న తీరు చెబుదామని రాస్తున్నాను.

నేను పాడేరు వైపు ఒక రైతు సంఘంలో మేనేజర్‌గా చేస్తున్నాను. కాఫీ, మిరియాలు, పసుపు కొని, గోడౌన్‌లో పెట్టి, లారీకి ఎత్తించడం మా పని. రెండేళ్ళ కిందట గోడౌన్ లెక్కలు రాసే పోస్టుకి ఇంటర్వ్యూ పెట్టాం. ఒక తమ్ముడు వచ్చాడు. డిగ్రీలో కామర్స్, మార్కులు బాగున్నాయి. చెవికి మిషన్ ఉంది. బల్లకి ఇవతల ముగ్గురం కూర్చుని ఒకరి మాట ముగియకముందే ఒకరం అడిగాం. అతను ప్రతిదానికీ తలూపాడు. "స్టాక్ తేడా వస్తే ఏం చేస్తావు?" అని అడిగితే "బీకాం సార్" అన్నాడు. మా ప్రెసిడెంట్ గారు నా వైపు చూసి పెదవి విరిచారు. పది నిమిషాల్లో పంపించేశాం. నా కాగితంలో "విషయ పరిజ్ఞానం లేదు" అని రాసుకున్నాను.

ఆ రోజు వాన. మా ఆఫీసుకి పైన రేకులు. ఇది నాకు చాలా రోజుల తర్వాత గుర్తొచ్చింది. చెవి మిషన్ మనిషి మాటని ఒక్కదాన్నే ఏరి పెంచదు. ఫ్యాను చప్పుడు, కుర్చీ గీర, రేకుల మీద వాన, అన్నిటినీ పెంచుతుంది. పైగా మేం కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాం. వెలుతురు మా వెనక నుంచి పడితే ఎదుటివాడికి మా ముఖాలు నల్లగా కనిపిస్తాయి, పెదాలు కనపడవు. అంటే అతనికి చెవీ లేదు, కన్నూ లేదు. అతనికి విషయం రాదని మేం తేల్చలేదు, మా ప్రశ్నే అతనికి చేరలేదు. ఇక తలూపడం అంటారా, మళ్ళీ మళ్ళీ "ఏంటి సార్" అంటే ఎదుటివాళ్ళు విసుక్కుంటారని చిన్నప్పటి నుంచి చూసినవాడు ఇంకేం చేస్తాడు?

పోయిన సంవత్సరం అదే పోస్టు మళ్ళీ ఖాళీ అయింది. ఈసారి అప్లికేషన్లలో ఒక చెల్లి ఉంది. తాను సరిగ్గా వినలేనని తనే రాసింది. ఇంటర్వ్యూ తేదీ ఫోన్ చేసి చెప్పడం మా అలవాటు. ఆమె ఇచ్చిన నంబర్ వాళ్ళన్నయ్యది. ఫోన్‌లో చెప్తే కబురు అన్నకి చేరుతుంది తప్ప, తనకేం కావాలో మాకు తెలీదు. అందుకని పిలిచిన ముగ్గురికీ ఒకే మెసేజ్ పెట్టాం. పని ఏమిటి, రాత పరీక్ష ఎంతసేపు, మాటల ఇంటర్వ్యూ ఎంతసేపు, ఎవరెవరు ఉంటారు అన్నీ రాశాం. చివర ఒక వాక్యం కలిపాం: "ఇంటర్వ్యూలో మీకేదైనా ఏర్పాటు కావాలంటే మూడు రోజుల ముందు తెలపండి."

నేనైతే సైగల భాష తెలిసిన మనిషిని విశాఖ నుంచి పిలిపిద్దామనుకున్నా. అడక్కుండా పిలిపించి ఉంటే డబ్బు దండగయ్యేది. ఆమె బధిరుల బడిలో చదవలేదు, మన ఆశ్రమ పాఠశాలలోనే ముందు బెంచీలో కూర్చుని చదివింది. ఆ సైగలు ఆమెకి రావు. ఇంట్లో కువి భాష, అమ్మ పెదాలు చూసి నేర్చుకుంది. తెలుగు పెదాలు చదవడం తనకి ఇంకా కష్టం. ఆమె అడిగినవి మూడే: ప్రశ్నలు కాగితం మీద కావాలి, ఒకసారి ఒక్కరే మాట్లాడాలి, ఫ్యాను ఆపాలి.

పెదాలు చదవడం అంటే పుస్తకం చదివినట్టు కాదని నాకు అప్పుడే తెలిసింది. మీరే అద్దం ముందు నిలబడి గొంతు లేకుండా పల్లి, బల్లి, మల్లి అని చూడండి. మూడూ ఒక్కలాగే ఉంటాయి. క, గ లాంటివి నోటి లోపలే పలుకుతాయి, బయటికి కనపడనే కనపడవు. మిగతాది సందర్భాన్ని బట్టి ఊహించుకోవాల్సిందే. అందుకే అంకెలు, ఊరి పేర్లు నోటితో మాత్రమే చెప్పకూడదు, రాసి చూపించాలి.

ఇంటర్వ్యూకి ముందు రోజు మేం ముగ్గురం కూర్చుని, ఈ పని చేసేవాళ్ళు నిజంగా ఏం చెయ్యాలో కాగితం మీద పెట్టాం. పాత ప్రకటనలో "ఫోన్‌లో చక్కగా మాట్లాడగలగాలి" అని ఉంది. ప్రెసిడెంట్ గారు దాన్నే పట్టుకున్నారు. "మరి ఊళ్ళ నుంచి లెక్కలు ఎలా తీసుకుంటాది? ఈ పోస్టు ఆ పిల్లకి కుదరదు" అన్నారు. కోపంతో అన్నమాట కాదు, ఆయనకి నిజంగానే అనుమానం. అప్పుడు మా డైరెక్టర్ అక్క ఒక్క మాట అడిగింది: "మనకి కావాల్సింది ఫోనా, లెక్కా?" కావాల్సింది లెక్కే. ఐదు ఊళ్ళ నుంచి ఏ రోజు తూకం ఆ రోజు సాయంత్రానికి రావాలి. ఫోన్ దానికి ఒక దారి మాత్రమే. ఆ వాక్యం కొట్టేసి "ఐదు ఊళ్ళ తూకం లెక్కలు రోజూ తెప్పించుకుని సరిచూడాలి" అని రాశాం. అదే మొత్తం ఫోన్‌లో రైతులకి సలహాలు చెప్పే ఉద్యోగమైతే జవాబు వేరేగా ఉండేది. అక్కడ మాట్లాడటమే పని. ఆ తేడా పోస్టు పోస్టుకీ చూసుకోవాలి.

ఆ రోజు అన్నయ్య తోడు వచ్చాడు. ప్రెసిడెంట్ గారు అలవాటు కొద్దీ అతని వైపు తిరిగి "మీ చెల్లికి కంప్యూటర్ వచ్చా?" అన్నారు. నేను ఆ చెల్లి వైపు తిరిగి, అన్నయ్య లోపల ఉండాలా బయటా అని రాసి చూపించాను. "బయట" అంది. అతనికి టీ ఇచ్చి వరండాలో కూర్చోబెట్టాం. ఈసారి గది మార్చాం. రేకుల గది వదిలేసి స్లాబు వేసిన చిన్న గది తీసుకున్నాం, వెలుతురు మా ముఖాల మీద పడేటట్టు కూర్చున్నాం.

ముందు రాత పరీక్ష, ముగ్గురికీ ఒకటే కాగితం, 40 నిమిషాలు. పది రోజుల స్టాక్ రిజిస్టర్ ఇచ్చి, అందులో కావాలనే మూడు తప్పులు పెట్టాం. ఒక రోజు నిల్వ 60 బస్తాలు, వచ్చినవి 12, పోయినవి 20, ముగింపు 52 రావాలి, మేం 54 వేశాం. ఇంకో చోట 50 కిలోల బస్తాలు 18 అయితే 900 కిలోలకి బదులు 950 రాశాం. మూడోది కొంచెం గట్టిది. ముగింపు నిల్వ 35 ఉంటే, మర్నాటి ప్రారంభ నిల్వ 53 అని తిరగేశాం. ఇద్దరు అభ్యర్థులు రెండేసి తప్పులు పట్టారు. ఈ చెల్లి మూడూ పట్టింది. పక్కన చిన్నగా "తేడా 18, తొమ్మిదితో పోతుంది, అంకెలు తారుమారు అయి ఉండొచ్చు" అని రాసింది. అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ తొమ్మిదితో భాగించబడుతుంది. పాత గుమాస్తాలకి తెలిసిన కిటుకు అది.

తర్వాత మాటల ఇంటర్వ్యూ. ఆరు ప్రశ్నలు ముందే అచ్చు తీసి ముగ్గురి చేతికీ ఇచ్చాం. ఆమె ఒక్కతికే ఇస్తే అన్యాయం కదా అని ఎవరూ అనుకోకుండా ఉండటానికి కూడా అదే మేలయింది. టైము మాత్రం మిగతావాళ్ళకి 20 నిమిషాలైతే ఆమెకి 30. రాసి చూపించడానికి, మళ్ళీ అడగడానికి పోయే పది నిమిషాలు అవి. మార్కులు ఒక్కటి కూడా అదనంగా లేవు. అడిగే తీరు మార్చాలి గానీ, కొలిచే కొలత మార్చకూడదు.

ఇంకో సంగతి. "అర్థమైందా?" అని ఒక్కసారి కూడా అడగలేదు. అలా అడిగితే వచ్చేది తలూపే. దాని బదులు "నేనేం అడిగానో నీ మాటల్లో చెప్పు" అన్నాను. ఒకసారి తప్పు చెప్పింది, మాటలు మార్చి మళ్ళీ అడిగాను. అదే మాట గట్టిగా అరిస్తే పెదాల ఆకారం చెడి ఇంకా అర్థం కాదు.

"ఐదు ఊళ్ళ లెక్కలు ఎలా తెప్పిస్తావు?" అన్నది ముగ్గురికీ వేసిన ప్రశ్న. మిగతా ఇద్దరూ "ఫోన్ చేస్తాం" అన్నారు. ఈమె "తూకం చీటీ ఫొటో వాట్సాప్‌లో పెట్టమంటా సార్. ఫోన్‌లో చెప్పిన లెక్కకి రుజువు ఉండదు" అంది. సిగ్నల్ లేని ఊళ్ళ సంగతేంటని అడిగితే, "సంతకి వచ్చే జీపులో చీటీ పంపమంటా, ఆ ఊళ్ళకి ఒక రోజు ఆలస్యం అవుద్ది" అంది. ఆలస్యం ఉంటుందని తనే ఒప్పుకోవడం నాకు నచ్చింది.

ఒక భయం మాత్రం నిజమైనది. గోడౌన్ దగ్గర లారీ వెనక్కి వస్తుంటే హారన్ వినపడదు. దాన్ని మొహమాటపడి దాటెయ్యలేదు. "ఎప్పటి నుంచి వినపడదు, వైద్యం చేయించారా, పెళ్ళయితే ఎవరు చూసుకుంటారు" ఇవి పనికి సంబంధం లేనివి, అడగలేదు. "లారీలు తిరిగే చోట పని ఉంటది, నీకేం ఏర్పాటు కావాలి?" ఇది పనికి సంబంధించింది, అడిగాం. లారీ కదిలేటప్పుడు తాను తలుపు లోపలే ఉంటానని, మేస్త్రీ చెయ్యి ఊపాకే బయటికి వస్తానని చెప్పింది. తలుపు దగ్గర నేల మీద పసుపు గీత గీయించాం. ఆ గీత వినపడేవాళ్ళకీ పనికొచ్చింది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా దాదాపు ఇదే చెబుతుంది: సంస్థకి మోయలేని భారం కానంతవరకు, ఆ మనిషికి అవసరమైన తగు మార్పు చెయ్యాలని. మాకైన ఖర్చు ఆరు కాగితాల అచ్చు, ఒక డబ్బా పసుపు రంగు.

మార్కులు కలిపితే ఆ చెల్లే ముందుంది. ఉద్యోగం ఇచ్చాం. రాత్రి పూట లారీ డ్రైవర్లు చేసే ఫోన్లు మాత్రం కాపలా తాత చూసుకుంటున్నాడు. ఆ ఇబ్బంది ఉంది, లేదనను.

ఇక ఆ మొదటి తమ్ముడు. మొన్న సంతలో కనిపించాడు. ఒక షావుకారు దగ్గర లెక్కలు రాస్తున్నాడు. అంటే లెక్కలు అతనికి అప్పుడూ వచ్చు. నా ఫోన్‌లో "ఆ రోజు తప్పు మాదే తమ్ముడూ, నీకు వినపడేటట్టు అడగలేదు" అని టైపు చేసి చూపించాను. చదివి కాసేపు ఊరుకున్నాడు. తర్వాత నా ఫోన్ తీసుకుని టైపు చేశాడు: "ఆ రోజు మీరేం అడిగారు అన్నా?"

అడిగిన ప్రశ్న రాసి చూపించాను. సంత మధ్యలో నిలబడే జవాబు రాసిచ్చాడు. సరైన జవాబే.